రెండు గుంజలు, ఐదు గీతలు: తరగతుల మార్కులను పోల్చే వాలు పటం

(ట్రస్టు ఉపకార వేతనాల సభ సందర్భంగా ట్యూషన్ కేంద్రాల ఉపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన బళ్ళారి జిల్లాలో సాయంత్రం ట్యూషన్ కేంద్రాలు నడిపేవారికి ఏటా ఒక ప్రశ్న ఎదురవుతుంది. జూన్‌లో పాఠాలు మొదలుపెట్టి జూలైలో ఒక పరీక్ష పెడతాం. జనవరిలో మరొకటి పెడతాం. ఆ మధ్య ఆరు నెలల్లో ఏ తరగతి ముందుకు వచ్చింది, ఏది రాలేదు అని ట్రస్టు అడుగుతుంది. వచ్చే ఏడు ఏ కేంద్రానికి ఇంకొక టీచరును ఇవ్వాలి, ఏ కేంద్రాన్ని ఆపాలి అన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది. కనుక అంకెలను సరిగ్గా చూపించడం ఇక్కడ అలంకారం కోసం చేసే పని కాదు. తప్పుగా చూపిస్తే ఒక మంచి టీచరు కేంద్రం మూతపడవచ్చు.

దీనికి పనికివచ్చే ఒక చిన్న సాధనం గురించి ఈ రోజు చెబుతాను. ఇంగ్లీషులో దీన్ని స్లోప్ చార్ట్ అంటారు. మనం వాలు పటం అందాం. రెండు నిలువు గీతలు, అంటే రెండు గుంజలు పాతి, వాటి మధ్య తాళ్ళు కట్టినట్టు ఉంటుంది. ఎడమ గుంజ మొదటి పరీక్ష, కుడి గుంజ రెండో పరీక్ష. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క తాడు. తాడు పైకి పోతే మార్కులు పెరిగాయి, కిందికి వాలితే తగ్గాయి. నిలువు బొమ్మలు చదవడం రానివారికి కూడా ఇది చూడగానే అర్థమవుతుంది.

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ టఫ్టీ అనే గణాంక శాస్త్ర ఆచార్యుడు 1983లో వెలువరించిన "ది విజువల్ డిస్‌ప్లే ఆఫ్ క్వాంటిటేటివ్ ఇన్ఫర్మేషన్" అన్న పుస్తకంలో ఇలాంటి పటం ఒకటి ఉంది. 15 దేశాల ప్రభుత్వాలు తమ దేశ ఉత్పత్తిలో ఎంత శాతాన్ని రాబడిగా తీసుకున్నాయో 1970కి, 1979కి పోల్చి చూపించాడు. పద్నాలుగు గీతలు పైకి పోతుంటే బ్రిటన్ గీత ఒక్కటే 40.7 నుంచి 39.0కి కిందికి వాలింది. పట్టికలో 30 అంకెల మధ్య అది కంటికి ఆనదు. పటంలో వెతకనక్కరలేకుండా కనబడుతుంది. మన తరగతుల్లోనూ మనకు కావలసింది ఇదే. అందరితో కలవకుండా వేరే దారి పట్టిన గీత ఏదో తెలియాలి.

ఇక మన పనిలోకి వద్దాం. వివరించడానికి నేనే కొన్ని అంకెలు వేసుకున్నాను. ఇవి ఏ కేంద్రానివీ కావు. ఐదు కేంద్రాల్లో తొమ్మిదో తరగతి లెక్కల ట్యూషన్ జరుగుతోందనుకోండి. వాటికి అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెడదాం. పరీక్ష 50 మార్కులకు. తరగతి సగటులు ఇలా వచ్చాయి:

అ: జూలై 18, జనవరి 27
ఆ: జూలై 24, జనవరి 29
ఇ: జూలై 31, జనవరి 33
ఈ: జూలై 27, జనవరి 22
ఉ: జూలై 21, జనవరి 26

ఈ ఐదింటి సగటు తీస్తే జూలైలో 24.2, జనవరిలో 27.4. నివేదికలో "సగటున మూడు మార్కులకు పైగా అభివృద్ధి" అని ఒక వాక్యం రాసి ముగించవచ్చు. కానీ అందులో 'ఈ' తరగతి కిందికి పోయిన సంగతి మునిగిపోయింది. నిలువు దిమ్మెల బొమ్మ వేస్తే పది దిమ్మెలు వస్తాయి. చూసేవాడు జతజతగా వాటి ఎత్తులు కొలుచుకోవాలి. వాలు పటంలో ఉండేవి ఐదు గీతలే.

దీన్ని గ్రాఫు కాగితం మీద చేత్తో గీయడం నేర్చుకుంటే మేలు. కాగితం నిలువుగా పెట్టుకుని, 10 సెంటీమీటర్ల దూరంలో రెండు నిలువు గీతలు గీయండి. మన సగటులన్నీ 18కి, 33కి మధ్య ఉన్నాయి కాబట్టి, గుంజ అడుగున 15, పైన 35 పెట్టుకుందాం. ఒక మార్కుకు ఒక సెంటీమీటరు చొప్పున 20 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. దిమ్మెల బొమ్మ సున్నా నుంచి మొదలు కావాలి, ఎందుకంటే అక్కడ మనం దిమ్మె పొడవును చూస్తాం. వాలు పటంలో చూసేది వాలును కనుక సున్నా తప్పనిసరి కాదు. అయితే రెండు గుంజల మీదా కొలత ఒక్కటే ఉండాలి. ఎడమ వైపు 15 నుంచి 35, కుడి వైపు 20 నుంచి 40 అని వేస్తే ప్రతి గీతా అబద్ధమాడుతుంది.

ఎడమ గుంజ మీద జూలై మార్కు దగ్గర ఒక చుక్క, కుడి గుంజ మీద జనవరి మార్కు దగ్గర ఒక చుక్క పెట్టి, స్కేలుతో కలపండి. తరగతి పేరు, జూలై మార్కు ఎడమ చుక్క పక్కన రాయండి. జనవరి మార్కు కుడి చుక్క పక్కన రాయండి. అలా రాస్తే గుంజల మీద అంకెల మెట్లు వేయనక్కరలేదు. రెండు చుక్కలు దగ్గర దగ్గరగా పడి పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే, పేరును కొంచెం జరపండి. చుక్కను మాత్రం జరపకూడదు. నాలుగు గీతలు పెన్సిలుతో పలచగా గీసి, మీరు మాట్లాడదలచిన ఒక్క గీతను ఎర్ర సిరాతో గీయండి. ఐదు గీతలకూ ఐదు రంగులు వేస్తే చూసేవాడి కన్ను దేని మీదా నిలవదు.

ఇంకొక జాగ్రత్త. గుంజల మధ్య దూరం తగ్గిస్తే అదే పెరుగుదల నిట్టనిలువుగా కనిపిస్తుంది. దూరం పెంచితే చదునుగా కనిపిస్తుంది. లెక్కలకు ఒక పటం, సైన్సుకు ఒక పటం వేసి పక్కపక్కన పెట్టేటప్పుడు గుంజల ఎత్తు, దూరం, కొలత మూడూ ఒకేలా ఉంచాలి.

కంప్యూటరు ఉన్నవారు ఎక్సెల్‌లో కూడా చేయవచ్చు. పై పట్టికను ఎక్కించి, Insert లో Line with Markers ఎంచుకోండి. అడుగున నెలల పేర్లకు బదులు తరగతుల పేర్లు వస్తే Switch Row/Column నొక్కండి. అప్పుడు జూలై, జనవరి రెండూ అడుగున నిలబడి, తరగతికొక గీత వస్తుంది.

ఇప్పుడు పటం చూద్దాం. రెండు గీతలు కంటికి తగులుతాయి. 'అ' అన్నిటికంటే అడుగున 18 దగ్గర మొదలై, నిటారుగా 27కి ఎక్కింది. 'ఈ' పైనుంచి రెండో స్థానంలో 27 దగ్గర మొదలై, మూడు గీతలను దాటుకుంటూ దిగి, అందరికంటే కింద 22 దగ్గర ఆగింది. ఈ పటాన్ని సభ ముందు పెడితే ఏం జరుగుతుందో మీరే ఊహించగలరు. 'అ' టీచరుకు శాలువా కప్పుతారు. 'ఈ' టీచరును సంజాయిషీ అడుగుతారు.

అక్కడే ఆగాలి. వాలు పటం ప్రశ్న ఎక్కడ అడగాలో చూపిస్తుంది, జవాబు చెప్పదు. ఏ గీత మిగతావాటితో కలవలేదో ఆ తరగతి హాజరు పట్టీ తెప్పించుకోవాలి. మొదట అడగవలసినది ఒక్కటే: రెండు గుంజల దగ్గరా నిలబడింది ఆ పిల్లలేనా?

'ఈ' తరగతి పట్టీ తీశామనుకోండి. జూలైలో 20 మంది పరీక్ష రాశారు, సగటు 27. జనవరిలో 30 మంది రాశారు. మధ్యలో పనుల కోసం బెంగళూరు పోయిన కుటుంబాలు కొన్ని తిరిగివచ్చాయి, పక్క ఊరి పిల్లలు కొందరు చేరారు. అలా వచ్చిన కొత్తవారు 10 మంది. వారి సగటు 10. పాత 20 మంది సగటు ఇప్పుడు 28. లెక్క వేయండి: 20 మందికి 28 చొప్పున 560, పది మందికి 10 చొప్పున 100, మొత్తం 660. దాన్ని 30తో భాగిస్తే 22. ఈ టీచరు దగ్గర మొదటి నుంచీ చదివిన పిల్లలు తగ్గలేదు, ఒక మార్కు పెరిగారు. ఎవరూ చేర్చుకోని పదిమందిని చేర్చుకున్నందువల్ల ఆయన గీత కిందికి పోయింది.

'అ' తరగతి పట్టీ కూడా చూద్దాం. జూలైలో 30 మంది రాశారు, సగటు 18. జనవరిలో రాసింది 18 మందే. మిగిలిన 12 మంది మిరపకాయల కోతకు తల్లిదండ్రులతో పొలాలకు పోయారు. సిరుగుప్ప, కురుగోడు వైపు కేంద్రాలు నడిపేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ పన్నెండుగురి జూలై సగటు 7.5. మిగిలిన 18 మంది జూలై సగటు 25. సరిచూడండి: 90, 450 కలిపితే 540, దాన్ని 30తో భాగిస్తే 18. జనవరిలో ఆ 18 మంది సగటు 27. అంటే నిజమైన పెరుగుదల తొమ్మిది మార్కులు కాదు, రెండే. చదువులో వెనుకబడిన పిల్లలు బడి వదిలిపోవడం వల్ల సగటు పెరిగింది. దానికే మనం శాలువా కప్పబోయాం.

మిగతా మూడు తరగతుల్లో రెండు పరీక్షలూ రాసింది ఆ పిల్లలే అనుకుందాం. ఇప్పుడు రెండు పరీక్షలూ రాసినవారిని మాత్రమే తీసుకుని పటం మళ్ళీ గీయాలి. 'అ' 25 నుంచి 27, 'ఆ' 24 నుంచి 29, 'ఇ' 31 నుంచి 33, 'ఈ' 27 నుంచి 28, 'ఉ' 21 నుంచి 26. ఐదు గీతలూ పైకే ఉన్నాయి. అందరికంటే ఎక్కువ వాలు 'ఆ', 'ఉ' గీతలది. మొదటి పటంలో వీటిని ఎవరూ చూడనే లేదు. 'అ', 'ఇ', 'ఈ' గీతలు నెమ్మదిగా ఎక్కాయి.

ఇందులో ఇంకొక విశేషం గమనించండి. ఈ కొత్త పటం ప్రకారం ఐదింటి సగటు 25.6 నుంచి 28.6కి పెరిగింది. మొదట 3.2 పెరిగిందనుకున్నాం, ఇప్పుడు 3.0 అంటున్నాం. మొత్తం సగటు పెరుగుదల దాదాపు మారలేదు. లోపలి కథ మాత్రం తలకిందులైంది. ఒక్క మొత్తం సగటును నమ్ముకున్నవారికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

రెండు పరీక్షలూ రాసినవారి సగటు ఎక్సెల్‌లో సులభంగా తీయవచ్చు. B వరుసలో జూలై మార్కులు, C వరుసలో జనవరి మార్కులు ఉన్నాయనుకుంటే, జూలై సగటుకు ఒక సూత్రం, జనవరి సగటుకు ఒక సూత్రం:

```
=AVERAGEIFS(B2:B31,B2:B31,">=0",C2:C31,">=0")
=AVERAGEIFS(C2:C31,B2:B31,">=0",C2:C31,">=0")
```

ఇది సరిగ్గా పనిచేయాలంటే గైరుహాజరైన పిల్లల గడిని ఖాళీగా వదలాలి. కొందరు అక్కడ సున్నా వేస్తారు. సున్నా అంటే పరీక్ష రాసి ఏమీ రానివాడని అర్థం. రాయనివాడికి సున్నా వేస్తే సగటు ఊరికే పడిపోతుంది, గీత లేని వాలు చూపిస్తుంది. ఒక తరగతి గీత హఠాత్తుగా కిందికి పోతే ముందుగా పట్టీలో సున్నాలు ఎన్ని ఉన్నాయో చూడండి.

రెండో పటంలో కూడా ఒక లోపం ఉంది. అందులో 'అ' తరగతి నుంచి కోతలకు పోయిన 12 మంది కనబడరు. 'ఈ' తరగతిలో కొత్తగా చేరిన పదిమంది కనబడరు. ఉపకార వేతనం ఎక్కువ అవసరమైనవారు బహుశా వారే. కాబట్టి పటం కింద ఒక వాక్యం తప్పక రాయాలి: 'అ' 30 మందిలో 18 మంది, 'ఈ' ఇప్పటి 30 మందిలో 20 మంది. ఆ పన్నెండుగురి పేర్లు వేరే కాగితం మీద ట్రస్టుకు అందాలి. కొత్త పదిమందికి జనవరి పరీక్షే ఎడమ గుంజ, వారి పటం అక్కడ నుంచి మొదలవుతుంది.

పిల్లలు వారే అయితే సరిపోతుందా? పరీక్ష కూడా అదే బరువు గలదై ఉండాలి. దీనికి మన రాష్ట్రంలోనే అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి. ఉత్తీర్ణత 2023లో 83.89 శాతం, 2024లో 73.40 శాతం. మన పొరుగు జిల్లా చిత్రదుర్గ 2023లో 96.80 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉండి, 2024లో 72.85కి దిగింది. ఉడుపి 89.49 నుంచి 94.00కి ఎక్కి మొదటి స్థానానికి చేరింది. యాదగిరి 75.49 నుంచి 50.59కి పోయింది. వాలు పటం వేస్తే చిత్రదుర్గ, ఉడుపి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. చూసినవాళ్ళు ఒక్క ఏడాదిలో చిత్రదుర్గలో చదువు కూలిపోయిందంటారు.

కానీ 2024లో పరీక్ష జరిపిన తీరే మారింది. పరీక్షా గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ ద్వారా గమనించారు. కృపాంకాల నియమం కూడా ఆ ఏడు మార్చారు. అంటే ఎడమ గుంజ ఒక కొలత, కుడి గుంజ మరొక కొలత. ఇలాంటి పటంలో గీతల వాలును బట్టి పాఠాలు బాగా చెప్పారా లేదా అని తీర్పు చెప్పలేం. కొలత మారినప్పుడు ఏ జిల్లా మీద ఎంత ప్రభావం పడిందో మాత్రమే అది చూపిస్తుంది.

మన కేంద్రాల్లో ఇదే పొరపాటు వేరే రూపంలో జరుగుతుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పటి నుంచి ఇక్కడ మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదువుతున్నారు. జూలైలో టీచరు ప్రశ్నలను తెలుగులో చదివి వినిపించి, జనవరిలో కన్నడంలో అచ్చు వేసిన కాగితం ఇస్తే, గీత కొలిచేది లెక్కలను కాదు, భాషను. తోటలో చెట్ల వరుసలు, వడ్డీ, ట్యాంకు నిండే కాలం వంటి మాటల లెక్కల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. గుర్తు పట్టడానికి ఒక ఉపాయం ఉంది. మాటల లెక్కల మార్కులు, ఉత్త అంకెల లెక్కల మార్కులు విడివిడిగా రాసుకోండి. మాటల లెక్కలు మాత్రమే తగ్గి, అంకెల లెక్కలు నిలకడగా ఉంటే తప్పు లెక్కల్లో లేదు. ఐదు కేంద్రాలకూ ఒకే ప్రశ్నపత్రం, ఒకే భాష, ఒకే సమయం ఇచ్చి, ఒక కేంద్రం పేపర్లు మరొక కేంద్రం టీచరు దిద్దితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

చివరిగా ఒక మాట. తరగతి సగటు ఐదు మార్కులు పెరిగిందంటే ప్రతి పిల్లా ఐదు పెరిగిందని కాదు. 'ఉ' తరగతి 21 నుంచి 26కి వచ్చింది. అందులో సగం మంది పది మార్కులు పెరిగి, సగం మంది ఉన్నచోటే ఉన్నా అదే సగటు వస్తుంది. అందుచేత ట్రస్టుకు పంపే ముందు టీచరు తన తరగతికి పిల్లల పేర్లతో ఒక పటం గీసుకోవాలి. పది పన్నెండు గీతలు దాటితే పటం దారాల చిక్కులా అవుతుంది కనుక ముప్పై మంది ఉంటే మూడు కాగితాలుగా చేసుకోవాలి. పిల్లల పేర్లున్న ఆ పటం టీచరు దగ్గరే ఉండాలి, గోడకు అంటించకూడదు. తన గీత కిందికి పోయిన పిల్లను అందరి ముందూ నిలబెట్టినట్టవుతుంది.

కాబట్టి ఈ ఏడు నుంచి ప్రతి కేంద్రం జనవరి నివేదికతో పాటు రెండు పటాలు పంపాలని ట్రస్టు వారికి మనవి చేస్తున్నాను. మొదటిది పరీక్ష రాసిన అందరి సగటుతో, రెండోది రెండు పరీక్షలూ రాసినవారి సగటుతో. రెండు పటాలూ ఒకేలా ఉంటే ఆ కేంద్రంలో పిల్లలు నిలకడగా వస్తున్నారని అర్థం. రెండూ వేరుగా ఉంటే ఆ తేడాలోనే ఎవరు వచ్చారో, ఎవరు పోయారో దాగి ఉంటుంది. నిధులు పంచే ముందు ఆ కేంద్రం హాజరు పట్టీ ఒకసారి చూడండి.

గ్రాఫు కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఉపాధ్యాయ మిత్రులు తమ మార్కుల పట్టీలు తెచ్చివుంటే భోజనాల తరువాత కూర్చుని గీద్దాం. సెలవు.